ఐదు కొలతల మధ్య ఒక సరళరేఖ

భూమి పూర్తి బంతిలా లేదని, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉందని 1750ల నాటికి యూరప్ పండితులు చాలామంది ఒప్పుకున్నారు. ఎంత నొక్కుకుపోయిందో మాత్రం తేలలేదు. తేల్చడానికి వాళ్ల దగ్గర ఉన్న మంచి దారి, ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద ఎంత పొడవు వస్తుందో వేర్వేరు చోట్ల కొలవడం. నేల ఎక్కువ వంపు తిరిగిన చోట కొద్ది దూరం నడవగానే డిగ్రీ తేడా వస్తుంది. చదునుగా ఉన్న చోట అదే తేడాకు ఇంకా కొంత దూరం పోవాలి. కాబట్టి ధ్రువాలు నొక్కుకుపోయి ఉంటే అటు వెళ్లేకొద్దీ డిగ్రీ పొడవు పెరుగుతూ పోవాలి.

ఆ పెరుగుదలను లెక్కకట్టాలని కూర్చున్నవాడు రోజర్ బోస్కోవిచ్. డుబ్రోవ్నిక్‌లో పుట్టి, రోమ్‌లో గణితం చెప్పిన జెసూట్ ఫాదర్ ఆయన. క్రిస్టఫర్ మెయిర్ అనే మరో ఫాదర్‌తో కలిసి రోమ్ పరిసరాల్లో స్వయంగా ఒక కొలత కొలిచాడు. దానికి మరో నాలుగు చోట్ల ఫ్రెంచివాళ్లు కొలిచినవి చేర్చి మొత్తం ఐదు అంకెలు ముందు పెట్టుకున్నాడు. ఐదు చుక్కలకు సరిపోయే గీతను ఎలా ఎంచాలి అన్న ప్రశ్న అసలైన రూపంలో కనిపించే పట్టిక ఇది. మనం ఇదే పట్టిక తీసుకుని, ఆయన కాలానికి ఇంకా పుట్టని పద్ధతితో, కాగితం మీద చేత్తో గీత వాలునూ అంతరఖండాన్నీ రాబడదాం. పదో తరగతి గణితం చాలు. కలనగణితం అక్కర్లేదు.

అప్పటి ఫ్రెంచి పొడవు కొలమానం త్వాజ్. ఒక త్వాజ్ అంటే రెండు మీటర్లకు కొంచెం తక్కువ, 1.949 మీటర్లు. బోస్కోవిచ్ తీసుకున్న ఐదు కొలతలూ త్వాజుల్లోనే ఉన్నాయి.

| చోటు | అక్షాంశం | డిగ్రీ పొడవు | x | y |
|---|---|---|---|---|
| క్విటో | 0°0′ | 56,751 | 0 | 51 |
| గుడ్ హోప్ అగ్రం | 33°18′ | 57,037 | 30 | 337 |
| రోమ్ | 42°59′ | 56,979 | 46 | 279 |
| పారిస్ | 49°23′ | 57,074 | 58 | 374 |
| లాప్లాండ్ | 66°19′ | 57,422 | 84 | 722 |

చివరి రెండు నిలువు వరసలు నేను చేర్చినవి. నొక్కుకుపోయిన గోళం మీద డిగ్రీ పొడవు అక్షాంశంతో సూటిగా పెరగదు. అక్షాంశపు సైన్ విలువకు వర్గం తీస్తే వచ్చే సంఖ్యతో దాదాపు సూటిగా పెరుగుతుంది. ఆ సంఖ్య భూమధ్యరేఖ దగ్గర 0, ధ్రువం దగ్గర 1. దశాంశాల బెడద తగ్గడానికి దాన్ని 100తో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి x అన్నాను. డిగ్రీ పొడవు నుంచి 56,700 తీసేసి మిగిలినదాన్ని y అన్నాను. అన్నింటి నుంచీ ఒకే సంఖ్య తీసేస్తే గీత వాలు మారదు, గీత మొత్తం కిందికి దిగుతుందంతే. చివర్లో ఆ 56,700 అంతరఖండానికి తిరిగి కలపాలి. చేత్తో లెక్క వేసేవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే. ఐదంకెల సంఖ్యలను గుణించుకుంటూ పోతే తప్పులు తప్పవు.

మనకు కావలసిన గీత సమీకరణం ఇది:

y = a + bx

ఇక్కడ b వాలు, అంటే x ఒకటి పెరిగితే y ఎంత పెరుగుతుందో. a అంతరఖండం, అంటే x సున్నా అయినప్పుడు గీత ఎంత ఎత్తులో ఉందో. రెండు చుక్కలు ఉంటే గీత ఒకటే, గొడవ లేదు. ఐదు చుక్కలుంటే జతలు పది. క్విటోనూ గుడ్ హోప్‌నూ కలిపితే వాలు 286ను 30తో భాగించగా 9.5 వస్తుంది. గుడ్ హోప్‌నూ రోమ్‌నూ కలిపితే ఏకంగా −3.6, అంటే ధ్రువం వైపు వెళ్తుంటే డిగ్రీ తగ్గుతోందని. బోస్కోవిచ్ మొదట ఈ పది జతలూ కట్టి చూశాడు. ఒకదానికొకటి పొంతన కుదరక ఆ దారి వదిలేశాడు.

ఏ గీత గీసినా కొన్ని చుక్కలు పైన, కొన్ని కింద పడతాయి. ప్రతి చుక్క దగ్గరా కొలిచిన y నుంచి గీత చెప్పిన y తీసేస్తే వచ్చేదాన్ని మిగులు అందాం. చుక్క పైనుంటే మిగులు ధనం, కిందుంటే రుణం. మిగుళ్లన్నీ ఎంత చిన్నగా ఉంటే గీత అంత మంచిది. కానీ ఊరికే కూడితే ధన రుణాలు కొట్టుకుపోయి, పనికిరాని గీతకు కూడా మొత్తం సున్నా రావచ్చు. బోస్కోవిచ్ దీనికి మందుగా, మిగుళ్ల మొత్తం సున్నా అయ్యే గీతల్లోనే, గుర్తులు తీసేసి మిగుళ్ల పరిమాణాలను మాత్రమే కూడితే వచ్చే మొత్తం కనిష్ఠంగా ఉండే గీతను వెతికాడు. ఆయనకు వచ్చిన వాలు, మన కొలమానంలో చెప్పాలంటే, 6.92. సుమారు యాభై ఏళ్ల తర్వాత, 1805లో, ఫ్రాన్స్‌లో లెజాండ్ర్ తోకచుక్కల కక్ష్యల మీద రాసిన పుస్తకానికి అనుబంధంగా మరో మార్గం ప్రకటించాడు. గుర్తులు తీసేయడానికి బదులు ప్రతి మిగులుకూ వర్గం కట్టి, ఆ వర్గాల మొత్తాన్ని కనిష్ఠం చేయమన్నాడు. అదే కనిష్ఠ వర్గాల పద్ధతి. 1809లో గాస్ తన పుస్తకంలో దాన్ని వివరిస్తూ 1795 నుంచే తాను వాడుతున్నానని రాయడంతో ఇద్దరి మధ్యా వివాదం రేగింది. ఆ వివాదం మనకిప్పుడు వద్దు. వర్గం కట్టడం వల్ల లెక్క ఎంత సుళువవుతుందో చూద్దాం.

తెలియనివి రెండు, a, b. రెండింటినీ ఒకేసారి పట్టుకోవాలనుకుంటే కంగారు పుడుతుంది. ముందు వాలు ఏదో మన చేతిలో ఉందనుకుందాం. ప్రతి చోటా y నుంచి bx తీసేస్తే ఐదు సంఖ్యలు మిగులుతాయి. ఆ ఐదింటికీ కలిపి అతి దగ్గరగా ఉండే ఒక్క సంఖ్య a కావాలి. ఆ ఐదింటి సగటును m అందాం. మనం సగటును కాకుండా దానికి k దూరంలో ఉన్న సంఖ్యను ఎంచుకున్నామనుకోండి. అప్పుడు ఐదు సంఖ్యల్లో d అనే దానికి మిగులు (d − m) − k అవుతుంది. దాని వర్గాన్ని విప్పి రాస్తే:

(d − m)² − 2k(d − m) + k²

ఐదింటికీ ఇలా రాసి కూడితే మధ్య పదం మాయమవుతుంది. ఎందుకంటే సగటు నుంచి తేడాలన్నీ కూడితే ఎప్పుడూ సున్నాయే. మిగిలేది, సగటును ఎంచుకుంటే వచ్చే మొత్తం, దాని మీద 5k² అదనం. k ఎటువైపు జరిగినా ఆ అదనం పడుతుంది, k సున్నా అయితేనే పడదు. అంటే a ఆ ఐదు సంఖ్యల సగటే కావాలి. y ల సగటును ȳ అని, x ల సగటును x̄ అని రాస్తే:

a = ȳ − b·x̄

మొదటి ఫలితం ఇది. దీనికి మరో అర్థం కూడా ఉంది. వాలు ఏదైనా సరే, ఆ వాలుతో గీసే గీతల్లో మంచిది x ల సగటు, y ల సగటు కలిసే బిందువు గుండా పోయేదే. మన పట్టికలో x ల మొత్తం 218, సగటు 43.6. y ల మొత్తం 1763, సగటు 352.6. కాబట్టి మన గీత (43.6, 352.6) గుండా పోయి తీరాలి. ఇక తేలాల్సింది ఆ బిందువు దగ్గర గీత ఎంత వాలాలన్నదే. తెలియనివి రెండు పోయి ఒకటి మిగిలింది.

ఇప్పుడు ఆ సగటు బిందువునే మూలబిందువుగా తీసుకుని, ప్రతి x నుంచి 43.6, ప్రతి y నుంచి 352.6 తీసేద్దాం. వచ్చే విచలనాలను u, v అందాం.

| చోటు | u | v | u × v | u² |
|---|---|---|---|---|
| క్విటో | −43.6 | −301.6 | 13,149.76 | 1,900.96 |
| గుడ్ హోప్ | −13.6 | −15.6 | 212.16 | 184.96 |
| రోమ్ | 2.4 | −73.6 | −176.64 | 5.76 |
| పారిస్ | 14.4 | 21.4 | 308.16 | 207.36 |
| లాప్లాండ్ | 40.4 | 369.4 | 14,923.76 | 1,632.16 |
| మొత్తం | 0 | 0 | 28,417.20 | 3,931.20 |

u వరస మొత్తం, v వరస మొత్తం సున్నా కాకపోతే అక్కడే ఆగాలి. సగటు తప్పో తీసివేత తప్పో అయి ఉంటుంది, ముందుకు పోయి ప్రయోజనం లేదు.

కొత్త మూలబిందువు నుంచి చూస్తే గీత సమీకరణం v = bu. మిగులు v − bu. దాని వర్గం v² − 2b·uv + b²·u². ఐదింటినీ కూడాలంటే మనకు మూడు మొత్తాలు చాలు. uv ల మొత్తం 28,417.2, u² ల మొత్తం 3,931.2 పట్టికలో ఉన్నాయి. v లను కూడా వర్గం చేసి కూడితే 2,33,537.2 వస్తుంది. మిగుళ్ల వర్గాల మొత్తాన్ని S అంటే:

S = 3931.2 b² − 2 × 28417.2 b + 233537.2

ఇది b లో ఒక వర్గ సమాసం. పదో తరగతిలో వర్గాన్ని పూర్తి చేసినట్టే ఇక్కడా చేస్తే:

S = 3931.2 (b − 7.2286)² + 28119.7

ఇక్కడ 7.2286 అన్నది 28,417.2ను 3,931.2తో భాగిస్తే వచ్చినది. ఈ రూపంలో పెట్టాక వాదించాల్సిందేమీ లేదు. వర్గం ఎన్నడూ రుణం కాదు. కాబట్టి b సరిగ్గా 7.2286 అయినప్పుడే S కనిష్ఠం. బ్రాకెట్ సున్నా అయిపోయి మిగిలే 28,119.7, ఎంత మంచి గీత గీసినా తగ్గని మొత్తం. వాలుకు మామూలుగా పుస్తకాల్లో కనిపించే సూత్రం ఇదే: విచలనాల లబ్ధాల మొత్తాన్ని x విచలనాల వర్గాల మొత్తంతో భాగించాలి. బట్టీ పట్టక్కర్లేదు, పైన చేసినట్టు వర్గం పూర్తి చేస్తే అదే దిగుతుంది. బోస్కోవిచ్ వాలు 6.92ను ఇదే సమీకరణంలో పెడితే S 28,500 వరకు వస్తుంది. మన దానికంటే కాస్త ఎక్కువ. గుర్తులు తీసేసి పరిమాణాలు కూడితే మాత్రం ఆయన గీతకు సుమారు 337, మన గీతకు 347. ఎవరి తూకంలో వాళ్ల గీతే గెలుస్తుంది. అయితే ఆయన పద్ధతిలో వర్గం పూర్తి చేయడం లాంటి ఒక్క దెబ్బతో తెగే దారి లేదు. చుక్కలను వరస కట్టి ఏది దగ్గర ఆగాలో వెతకాలి. చుక్కలూ తెలియని రాశులూ పెరిగేకొద్దీ వర్గాల పద్ధతి ముందుకు రావడానికి ఇదొక గట్టి కారణం.

అంతరఖండం ఇప్పుడు సులభం. 7.2286ను 43.6తో గుణిస్తే 315.17. దాన్ని 352.6 నుంచి తీసేస్తే 37.43. వాలును నాలుగు దశాంశాల దాకా ఉంచుకున్నది ఇందుకే. ముందుగానే 7.2 అని కుదించి ఉంటే అంతరఖండం 38.7కు జరిగిపోయేది. కుదింపు ఎప్పుడూ చివరి మెట్టులోనే చేయాలి.

అసలు కొలమానాలకు తిరిగి వస్తే, భూమధ్యరేఖ దగ్గర డిగ్రీ పొడవు 56,700కు 37.4 కలిపి 56,737.4 త్వాజులు. భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా పెరుగుదల 7.2286ను 100తో గుణించి సుమారు 722.9 త్వాజులు.

లెక్క అయింది. సరిగ్గా అయిందో లేదో చూసుకునే పని మిగిలింది. చాలామంది సగమే చేసి వదిలేసే పని ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. గీత ప్రకారం ఐదు చోట్లా రావలసిన విలువలు వరసగా 37.4, 254.3, 369.9, 456.7, 644.6. మిగుళ్లు క్విటోకు 13.6, గుడ్ హోప్‌కు 82.7, రోమ్‌కు −90.9, పారిస్‌కు −82.7, లాప్లాండ్‌కు 77.4. ధనాలన్నీ కూడితే 173.7, రుణాలన్నీ కూడితే 173.6. ఆ 0.1 తేడా దశాంశాల కుదింపు వల్ల వచ్చింది. మిగుళ్ల మొత్తం సున్నా. చాలామంది ఇక్కడ సంతృప్తి పడి కాగితం మడిచేస్తారు.

అది చాలదు. రోమ్ వరసలో −176.64 ఉంది కదా, చేత్తో వేసేటప్పుడు ఆ రుణ గుర్తు మరిచిపోవడం చాలా మామూలు తప్పు. మరిచిపోతే లబ్ధాల మొత్తం 28,770.48 అవుతుంది, వాలు 7.3185 అవుతుంది. ఆ తప్పు వాలుతో అంతరఖండం కట్టి మిగుళ్లు కూడి చూడండి, అప్పుడూ సున్నాయే వస్తుంది! ఎందుకంటే అంతరఖండం సూత్రం ఎలాంటి వాలునైనా సగటు బిందువు గుండా పంపేస్తుంది. సగటు బిందువు గుండా పోయే ప్రతి గీతకూ మిగుళ్ల మొత్తం సున్నాయే. మొదటి పరీక్ష అంతరఖండాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, వాలు గురించి ఏమీ చెప్పదు.

వాలుకు పరీక్ష వేరే ఉంది. ప్రతి మిగులునూ దాని x తో గుణించి కూడాలి. అదీ సున్నా రావాలి. మన సరైన గీతకు ధనాల వైపు 8,982.6, రుణాల వైపు 8,978.0 వచ్చాయి. తొమ్మిది వేల మీద ఐదులోపు తేడా, ఒక్క దశాంశానికి కుదించడం వల్ల వచ్చేదే. తప్పు వాలుతో చేస్తే తేడా 353 దాకా వస్తుంది. అది 176.64కు సరిగ్గా రెండింతలు, అంటే గుర్తు తప్పిన లబ్ధానికి రెండింతలు. ఈ పరీక్ష తప్పు ఉందని చెప్పి ఊరుకోదు, ఏ వరసలో వెతకాలో కూడా చూపిస్తుంది. సున్నాకు బదులు ఏదైనా సంఖ్య వస్తే దాన్ని సగం చేసి uv వరసలో అలాంటిది ఉందేమో ముందు చూడండి.

ఇప్పుడు భూమి దగ్గరికి వద్దాం. ఇంత లెక్కా దాని కోసమే కదా. స్వల్పంగా నొక్కుకుపోయిన గోళానికి, మొత్తం పెరుగుదలను భూమధ్యరేఖ డిగ్రీతో భాగిస్తే వచ్చేది నొక్కుడుకు దాదాపు మూడింతలు. నొక్కుడు అంటే భూమధ్యరేఖ వ్యాసార్ధానికి ధ్రువ వ్యాసార్ధం ఎంత భాగం తక్కువో చెప్పే భిన్నం. 722.9ను 56,737.4తో భాగించి, మళ్లీ 3తో భాగిస్తే 0.00425 వస్తుంది. అంటే 235లో ఒక వంతు. న్యూటన్ సిద్ధాంతం నుంచి రాబట్టింది 230లో ఒక వంతు. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే లెక్కా కొలతలూ రెండూ భేష్ అనిపిస్తుంది. కానీ అసలు విలువ సుమారు 298లో ఒక వంతు. మన లెక్కలో తప్పు లేదు, రెండు పరీక్షలూ దాటింది. తప్పు కొలతల్లో ఉంది.

ఏ కొలతలో? మిగుళ్ల పట్టిక చూసి చెప్పమంటే ఎవరైనా రోమ్ వైపే వేలు చూపిస్తారు. −90.9, అన్నింటికంటే పెద్దది. ఆ తర్వాత గుడ్ హోప్, పారిస్. ఇవాళ భూమి ఆకారం మనకు బాగా తెలుసు కాబట్టి ఒక్కో చోట డిగ్రీ ఎంత ఉండాలో లెక్క కట్టవచ్చు. కట్టి చూస్తే రోమ్ కొలత దాదాపు 20 త్వాజులు మాత్రమే తక్కువ, పారిస్ కొలత పదికి అటూ ఇటూ ఎక్కువ. రెండూ ఆ కాలానికి చక్కటి కొలతలు. గాడి తప్పినవి గుడ్ హోప్, సుమారు 130 త్వాజులు ఎక్కువ, లాప్లాండ్, ఏకంగా 200 పైగా ఎక్కువ. 200 త్వాజుల తప్పున్న లాప్లాండ్‌కు మన గీత ఇచ్చిన మిగులు 77 మాత్రమే. నిర్దోషి అయిన రోమ్‌కు 91.

ఇది ఎందుకు జరిగిందో u వరస చెబుతుంది. వాలు కట్టేటప్పుడు ప్రతి v ను దాని u తో గుణించాం. లాప్లాండ్ u 40.4, రోమ్ u 2.4. లాప్లాండ్ కొలత ఒక్క త్వాజ్ మారితే వాలు ఎంత మారుతుందో, అంత మారాలంటే రోమ్ కొలత దాదాపు పదిహేడు త్వాజులు మారాలి. చివర్న ఉన్న చుక్క గీతను తన వైపు లాక్కుంటుంది. లాక్కున్నాక దాని మిగులు చిన్నదైపోతుంది, ఆ భారం మధ్యలో ఉన్నవాళ్ల మీద పడుతుంది. మిగులు పెద్దగా ఉంది కాబట్టి ఆ చుక్కే తప్పు అని తేల్చేయడం కనిష్ఠ వర్గాల పద్ధతిలో అన్యాయమైన తీర్పు. మిగులుతో పాటు ఆ చుక్క సగటు నుంచి ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి. దూరంగా ఉన్న చుక్కను ఒకసారి మార్చి లెక్క మళ్లీ వేయడం అన్నింటికంటే నిజాయితీ గల పరీక్ష.

చరిత్రలో ఆ పరీక్ష నిజంగానే జరిగింది. లాప్లాండ్ కొలత 1736–37లో మోపెర్తుయి బృందం చేసినది. 1801–03లో స్వీడన్‌కు చెందిన స్వాన్‌బర్గ్ అక్కడే మళ్లీ కొలిచి, పాత కొలత 200 త్వాజులకు పైగా ఎక్కువని తేల్చాడు. గుడ్ హోప్ కొలత 1752లో లకాయ్ చేసినది. దాని తప్పును పట్టుకున్న కథలో మన తెలుగునేల కూడా ఉంది. భారతదేశ భూ సర్వే చేస్తున్న లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా 1818లో హైదరాబాద్‌లో చేరిన జార్జ్ ఎవరెస్ట్, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ విషజ్వరం పాలయ్యాడు. కోలుకోవడానికి 1820లో గుడ్ హోప్‌కు వెళ్లాడు. అక్కడ ఊరికే ఉండకుండా లకాయ్ కొలిచిన చోట్లన్నీ తిరిగి చూశాడు. పక్కనున్న కొండల ఆకర్షణ వల్ల సీసపుగుండు తాడు నిలువు నుంచి పక్కకు లాగబడి అక్షాంశాలు తప్పాయని అభిప్రాయపడ్డాడు. 1840లలో మెక్‌లియర్ అక్కడ మళ్లీ కొలిచాక ఆ అభిప్రాయం బలపడింది.

మన పట్టికలో లాప్లాండ్ y ని 722కు బదులు 522 చేసి మొదటి నుంచీ లెక్క వేయండి. u వరస మారదు, 3,931.2 మారదు. లబ్ధాల మొత్తం 200ను 40.4తో గుణించినంత, అంటే 8,080 తగ్గి 20,337.2 అవుతుంది. వాలు 5.1733. y ల సగటు 312.6, అంతరఖండం 87.0. మిగుళ్లు వరసగా −36.0, 94.8, −46.0, −13.1, 0.4. ఇప్పుడు పెద్ద మిగులు ఎవరిదో చూడండి, గుడ్ హోప్‌దే. ఒక అబద్ధపు కొలత పక్కకు తప్పుకోగానే రెండోది బయటపడింది. నొక్కుడు మాత్రం 329లో ఒక వంతుకు వెళ్లిపోయింది. ఐదు చుక్కల్లో ఒక్కటి మారితే 235 కాస్తా 329 అయిందంటే, ఐదు చుక్కల గీతను ఎంతవరకు నమ్మవచ్చో అందులోనే ఉంది.

గుడ్ హోప్ y ని కూడా 130 తగ్గించి 207 చేసి వాలు, అంతరఖండం మీరే కట్టి చూడండి. వాలు 5.623, అంతరఖండం 41.4 రావాలి. వాటి నుంచి నొక్కుడు 303లో ఒక వంతు వస్తుంది. మీకు వేరే అంకెలు వస్తే మిగుళ్లను x తో గుణించి కూడండి, తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది.